నాలుగు దెబ్బల సూత్రం

కొవ్వూరులో బస్సు దిగి భాస్కరం గారి ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు వైపులు చూపిస్తారు. నాలుగు దెబ్బల మాస్టారి ఇల్లు అంటే మాత్రం టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే మోచేత్తో చూపించేస్తాడు. పేరు విని కంగారు పడక్కర్లేదు. భాస్కరం గారు ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్కరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు. ఆ దెబ్బలు పడేది సమీకరణాలకి.

ఇంజనీరింగులో మొదటి సెమిస్టరు లెక్కల పేపరుని పిల్లలు ఎం-వన్ అంటారు. అది తుమ్మజిగురు లాంటిది. ఒకసారి అంటుకుంటే నాలుగో సంవత్సరం దాకా వెంటబడుతుంది, కొందరికి ఆ తర్వాత కూడా వదలదు. అలా వదలని వాళ్లందరూ చివరికి భాస్కరం గారి ముందు గదిలో చాప మీద తేలతారు. ప్రైవేటు కాలేజీలో రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న కొలువు అదే. సప్లిమెంటరీ పిల్లల్ని గట్టెక్కించడం.

గట్టెక్కడానికి ఆయన నమ్ముకున్న ప్రశ్న ఒకటుంది. మూడు అడ్డం, మూడు నిలువు అంకెలున్న పట్టికకి, అంటే మాట్రిక్సుకి, ఐగెన్ విలువలు కనుక్కోవడం. ప్రతి పేపర్లోనూ అది ఉంటుంది, పద్నాలుగు మార్కులుంటుంది. పని కూడా కొండలు పిండికొట్టేది కాదు. వికర్ణంలో ఉన్న మూడు అంకెలూ కూడితే ట్రేస్. వికర్ణం వెంబడి మూడు చిన్న మైనర్లు కట్టి కూడితే రెండోది. మొత్తం మాట్రిక్సుకి కట్టే డిటర్మినెంట్ మూడోది. ఈ మూడింటినీ మైనస్, ప్లస్, మైనస్ గుర్తులతో లాంబ్డా ఘనం పక్కన పేరిస్తే క్యూబిక్ సమీకరణం తయారు. దానికి ఒక్క మూలం, అంటే లాంబ్డా స్థానంలో వేస్తే సున్నా ఇచ్చే అంకె, ఊహించి పట్టుకుంటే చాలు, భాగించగా మిగిలేది వర్గ సమీకరణం. దాన్ని పదో తరగతి పిల్లలు కూడా విడగొడతారు. ఆ మూడు మూలాలే ఐగెన్ విలువలు.

చిక్కల్లా ఆ ఊహ దగ్గరే. పదేళ్ల కిందట ఒక కుర్రాడు డిటర్మినెంట్ తప్పు చేసి, ఆ తప్పు క్యూబిక్ లో ఇరవై నాలుగు దాకా అన్ని అంకెలూ వేసి చూస్తూ పరీక్షంతా దానికే ధారపోశాడు. అది తెలిసి భాస్కరం గారు అటక మీది కట్టలు దించారు. పాత పేపర్లన్నీ ముందేసుకుని కూర్చున్నారు. అరవై ఒక్క మాట్రిక్సుల్లో యాభై ఎనిమిదింటికి ఒకటో, మైనస్ ఒకటో, రెండో, మైనస్ రెండో మూలంగా వచ్చింది. ఇంకేముంది, సూత్రం పుట్టింది. ఆ నాలుగు అంకెలే వెయ్యి. నాలుగు దెబ్బలకీ పడలేదంటే నీ క్యూబిక్కే తప్పు. అయిదో దెబ్బ వెయ్యకు, చేసినదంతా గీత పెట్టి కొట్టేసి డిటర్మినెంట్ మళ్లీ చెయ్యి.

మిగిలిన ఆ మూడు మాట్రిక్సులనీ ఆయన అచ్చుతప్పుల ఖాతాలో వేసి మర్చిపోయారు. మనకి అడ్డొచ్చినవి అచ్చుతప్పులుగా కనబడటం లోకంలో ఉన్నదే కదా! సూత్రం వందలమందిని గట్టెక్కించింది. పాసైన పిల్లలెవరో అభిమానంకొద్దీ నల్లబల్ల పైఅంచున తెల్ల ఎనామిల్ పెయింటుతో 1, −1, 2, −2 అని రాసి వెళ్లారు. డస్టరుకి అది చెరగదు.

మధులత ఆ చాప మీదికి వచ్చేసరికి ఆమెకి ఇరవై ఆరేళ్లు. సివిల్ ఇంజనీరింగులో అన్ని సబ్జెక్టులూ పాసైంది, ఎం-వన్ ఒక్కటే మిగిలింది. నాలుగేళ్ల చదువుకి ఎనిమిదేళ్లు గడువు. ఈసారి పోతే గడువు చెల్లిపోతుంది, చేరిన సీటే రద్దవుతుంది. అంటే పాసైన నలభై సబ్జెక్టులూ గోదాట్లో కలిసినట్టే. కాగితం మీద ఆమె ఇంటర్ పాసైన మనిషి, అంతే.

రాజమండ్రిలో పల్లంరాజు అనే ఇంజనీరు ఆఫీసులో ఆమె ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. అయిదేళ్లుగా గీసేది ఆమె, అడుగున ఇంజనీరుగా సంతకం చేసేది పల్లంరాజు. ఆయనేమీ చెడ్డవాడు కాదు. "డిగ్రీ పట్రామ్మా, లైసెన్సుకి పెట్టిస్తాను, నీ ప్లాన్లకి నువ్వే సంతకం పెట్టుకుందువుగాని" అని ప్రతి సప్లిమెంటరీ ముందూ అంటూనే ఉన్నాడు.

ఈ మాట విన్న భాస్కరం గారు మొదటి రోజే ఆశ పెట్టేశారు. ముందు గది ఇరుకైపోతోంది, మేడ మీద ఒక గది వేయించాలని ఆయనకి రెండేళ్లుగా ఉంది.

"నా మేడగది ప్లాను నువ్వే గియ్యాలమ్మా. ఇంజనీరు సంతకం కూడా నీదే. నువ్వు పాసయ్యేదాకా ఇటుక ముట్టుకోను."

"అయితే మీకు గది లేనట్టేనండీ మాస్టారూ" అంది మధులత. నవ్వుతూనే అంది కానీ, ఏడుసార్లు తప్పిన మనిషి నవ్వు అది. లోపల నుంచి మాస్టారి భార్య లలితాంబ గారు, "అశుభం పలక్కమ్మా, కాఫీ తాగు" అని కేకేసింది.

పరీక్షకి పది రోజుల ముందు బల్ల మీద ఒక లెక్క చేశారు. మొదటి వరస 2, 2, 1. రెండోది 1, 3, 1. మూడోది 1, 2, 2.

"ట్రేస్ ఏడు. మైనర్లు నాలుగు, మూడు, నాలుగు. మొత్తం పదకొండు. డిటర్మినెంట్ అయిదు. లాంబ్డా క్యూబ్ మైనస్ ఏడు లాంబ్డా స్క్వేర్ ప్లస్ పదకొండు లాంబ్డా మైనస్ అయిదు. ఒకటి వెయ్యండి. ఒకటి, మైనస్ ఏడు, ప్లస్ పదకొండు, మైనస్ అయిదు. ఎంత?"

"సున్నా" అన్నారు పిల్లలు.

"మొదటి దెబ్బకే పడింది! భాగిస్తే లాంబ్డా స్క్వేర్ మైనస్ ఆరు లాంబ్డా ప్లస్ అయిదు. అంటే ఒకటి, అయిదు. మూలాలు ఒకటి, ఒకటి, అయిదు. ఒకవేళ ఒకటి పడకపోతే?"

"మైనస్ ఒకటి, రెండు, మైనస్ రెండు" అని అందరూ ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. మధులత ఒక్కతీ పెన్ను నోట్లో పెట్టుకుని బల్లకేసి చూస్తోంది.

"మాస్టారండీ, చివర అయిదుంది కదండీ. మూలాలన్నీ గుణిస్తే ఆ అయిదే కదా రావాలి. రెండు అయిదుని భాగించదు. మరి ఇక్కడ రెండు వేసి చూడటం ఎందుకండీ?"

చాలా మంచి ప్రశ్న. అసలు మర్మమంతా అందులోనే ఉంది. లాంబ్డా ఘనానికి గుణకం ఒకటి, మిగతావన్నీ పూర్ణాంకాలు. అలాంటప్పుడు పూర్ణాంకమో భిన్నమో మూలంగా ఉంటే అది చివరి అంకెని నిశ్శేషంగా భాగించే పూర్ణాంకమే అయి తీరాలి. ఆ సంగతి భాస్కరం గారికి తెలియక కాదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో గంటసేపు చెప్పేవారు. కానీ ఎదురుగా చాప మీద పద్నాలుగు మంది ఉన్నారు, పది రోజులే ఉన్నాయి, ఇంకా రెండు యూనిట్లు మిగిలి ఉన్నాయి.

"ఎందుకు అనేది మొదటిసారే పాసయ్యేవాళ్లు అడుక్కునే ప్రశ్నమ్మా" అన్నారాయన. "నువ్వు ఎనిమిదో ఏట ఉన్నావు. పడమటికి తిరిగి దణ్ణం పెట్టమన్నా పెట్టాలి. నాలుగు దెబ్బలు, ఆపైన కొట్టెయ్యడం. బుర్రకి పని చెప్పకు."

అందరూ నవ్వారు. మధులత కూడా నవ్వి నోట్సులో నాలుగు అంకెలూ రాసుకుని, చుట్టూ గడి గీసింది. ప్లాన్లు గీసే చెయ్యి కదా, గడి కొలిచినట్టు వచ్చింది.

పరీక్ష రోజు సాయంత్రం నాలుగున్నరకి మధులత రాజమండ్రి నుంచి గోదావరి వంతెన దాటి వచ్చింది. మొహం చూడగానే లలితాంబ గారు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది. మధులత ప్రశ్నపత్రం మాస్టారి చేతిలో పెట్టి చాప మీద కూర్చుంది. మాట్రిక్సు ఇది:

4  1  −1
2  5  −2
1  1  2

"మిగతావి పైపైన రాశానండీ. దీని మీదే ఉన్నాను" అంది.

భాస్కరం గారు సుద్ద తీసుకున్నారు. ట్రేస్ పదకొండు. మైనర్లు పన్నెండు, తొమ్మిది, పద్దెనిమిది, మొత్తం ముప్ఫై తొమ్మిది. డిటర్మినెంట్ కి మొదటి వరస పట్టుకుని విడగొట్టారు. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది, దాన్లోంచి ఆరు పోతే నలభై రెండు, చివరి భాగం మైనస్ ఒకటి ఇంటూ మైనస్ మూడు, అంటే ప్లస్ మూడు. మొత్తం నలభై అయిదు.

λ³ − 11λ² + 39λ − 45 = 0

"ఇదే వచ్చిందా నీకు?"

"మొదట ఇదే వచ్చిందండీ."

ఒకటి వేశారు. మైనస్ పదహారు. మైనస్ ఒకటి వేశారు. మైనస్ తొంభై ఆరు. రెండు వేస్తే ఎనిమిది, మైనస్ నలభై నాలుగు, ప్లస్ డెబ్భై ఎనిమిది, మైనస్ నలభై అయిదు. మైనస్ మూడు వచ్చింది. మైనస్ రెండుకి మైనస్ నూట డెబ్భై అయిదు. నాలుగు దెబ్బలూ అయిపోయాయి. సుద్ద పట్టుకున్న చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

"నాకూ పడలేదండీ. మీరు చెప్పినట్టే కొట్టేశాను. మళ్లీ డిటర్మినెంట్ చేశాను, మళ్లీ నలభై అయిదే వచ్చింది. అప్పుడు రెండు దగ్గర మైనస్ మూడు కనపడిందండీ. సరిగ్గా మూడే తేడా. డిటర్మినెంట్ లో చివరి ముక్క కూడా మూడే. ఓహో, తప్పు ఇక్కడుందన్నమాట అనుకుని ఆ మూడు తీసేశానండీ. నలభై రెండు పెట్టాను. రెండు పడింది."

"పడుతుంది" అన్నారు భాస్కరం గారు నీరసంగా. "తర్వాత?"

"భాగిస్తే లాంబ్డా స్క్వేర్ మైనస్ తొమ్మిది లాంబ్డా ప్లస్ ఇరవై ఒకటి వచ్చిందండీ. అది ఎంతకీ విడలేదు. రూట్ లోపల మైనస్ మూడు వచ్చింది. అప్పటికి టైమైపోయింది."

ఆయన బల్లకేసి తిరిగే ఉన్నారు. మూడు వేసి చూశారు. ఇరవై ఏడు, మైనస్ తొంభై తొమ్మిది, ప్లస్ నూట పదిహేడు, మైనస్ నలభై అయిదు. సున్నా. భాగిస్తే లాంబ్డా స్క్వేర్ మైనస్ ఎనిమిది లాంబ్డా ప్లస్ పదిహేను. మూడు, అయిదు. ఐగెన్ విలువలు మూడు, మూడు, అయిదు. ఇంత తేలికైన లెక్క ఆయన ఈ మధ్య చూడలేదు.

నలభై అయిదుని రెండు భాగించదు. కనక రెండూ, మైనస్ రెండూ వేయనక్కర్లేదు. గుర్తులు ప్లస్, మైనస్, ప్లస్, మైనస్ గా మారుతున్నాయి, ఏ రుణసంఖ్య వేసినా ప్రతి ముక్కా మైనస్సే అవుతుంది. కనక మైనస్ ఒకటీ వేయనక్కర్లేదు. ఆయన ఇచ్చిన నాలుగు దెబ్బల్లో మూడు ఈ సమీకరణానికి తగిలే అవకాశమే లేదు. తగిలేది మూడు అనే అంకె. అది వెయ్యొద్దని చెప్పింది తనే.

నిజం అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. పెద్దమనుషులకి అబద్ధం ఎప్పుడూ ధైర్యం చెప్పే రూపంలోనే వస్తుంది.

"పార్ట్ మార్కులుంటాయమ్మా. కొట్టేసినా పద్ధతి కనబడుతుంది కదా. గట్టెక్కుతావు" అన్నారు.

ఆమె కాఫీ తాగి, బల్ల మీదున్న మూడు, మూడు, అయిదు కేసి ఒకసారి చూసి, బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

నలభై రోజులకి ఫలితాలొచ్చాయి. డెబ్భైకి ఇరవై అయిదు రావాలి. ఇరవై ఒకటి వచ్చాయి.

జవాబు పత్రం నకలు తెప్పించుకోవచ్చంటే తెప్పించారు. భాస్కరం గారు దాన్ని సంచిలో పెట్టుకుని యూనివర్సిటీ పరీక్షల విభాగానికి తనే వెళ్లారు. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టాక గుమస్తా ఒకాయన పిలిచాడు.

"సమీకరణం కరెక్టండీ. నాలుగు అంకెలు వేసి చూసిన వివరం కూడా ఉంది. కావాలంటే మీ లెక్చరర్ల చేత చూపించండి" అన్నారు మాస్టారు.

గుమస్తా కాగితం తిప్పి చూశాడు. మర్యాదస్తుడే. "కొట్టేసి ఉందేంటండీ ఇది?"

"అవునండీ."

"కొట్టేసింది మావాళ్లా, అమ్మాయా?"

"అమ్మాయేనండీ."

"కొట్టేసింది దిద్దకూడదండీ, రూలు. అసలు కరెక్టుగా చేసిందాన్ని ఎందుకు కొట్టేసిందండీ?"

భాస్కరం గారి దగ్గర దానికి జవాబుంది. ఆ గదిలో జవాబు తెలిసిన మనిషి ఆయనొక్కరే. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మళ్లీ తీసి చూసుకున్నారు. ఒకదానికొకటి అడ్డంగా రెండు గీతలు, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. వాటి కింద క్యూబిక్, దాని కింద నాలుగు ప్రయత్నాలు, ఒక్క తప్పు లేకుండా. వాటికి కింద ఇంకో వరస ఉంది. పొద్దున్న హడావిడిలో ఆయన దాన్ని గమనించలేదు. చిన్న అక్షరాలతో ఉంది.

λ = 3 : 27 − 99 + 117

అక్కడితో ఆగిపోయింది. ఇరవై ఏడులోంచి తొంభై తొమ్మిది తీసి నూట పదిహేడు కలిపితే నలభై అయిదు. అందులోంచి ఇంకో నలభై అయిదు తీసెయ్యాలి. ఒక్క తీసివేత మిగిలింది. అక్కడ పెన్ను ఆపేసి, పైనుంచి కింద దాకా రెండు గీతలు గీసేసింది. భాస్కరం గారు ఆ వరస మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. వంతెన ఎప్పుడు దాటారో ఆయనకి తెలీదు. డెబ్భై ఏళ్ల మనిషి బస్సులో ఏడిస్తే బాగుండదని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆదివారం మధులత వచ్చింది. చేతిలో పొడుగాటి గొట్టంలా చుట్టిన కాగితం ఉంది. దాన్ని పక్కన పెట్టి ఎప్పట్లాగే చాప మీద కూర్చుంది. ఆయన నకలు తీసి ఆ వరస చూపించారు.

"మూడు వేశావు కదమ్మా. ఎందుకాపేశావు?"

"వెయ్యబోయానండీ. నలభై అయిదు కదా, మూడుకి పడుతుందేమో అనిపించింది. అంతలో మీ మాట గుర్తొచ్చింది. అయిదో దెబ్బ వెయ్యకన్నారు కదండీ. నా బుర్ర నమ్ముకునే ఏడుసార్లు పోయాను. ఈసారన్నా మీ మాట విందామనుకున్నాను."

లోపల కుక్కరు కూత వేసింది. లలితాంబ గారు స్టవ్వు కట్టేసిన చప్పుడు కూడా వినబడింది.

"తప్పు నాదేనమ్మా" అన్నారు భాస్కరం గారు. పరీక్ష రోజు నుంచీ నోట్లో నానుతున్న మాట అది. "నువ్వు ఆ రోజు అడిగింది నిజం. చివరి అంకెని భాగించేవే వెయ్యాలి. ఒకటి, మూడు, అయిదు, తొమ్మిది, పదిహేను, నలభై అయిదు. నాకు తెలుసు. టైం లేదని చెప్పలేదు. పరీక్ష రోజు సాయంత్రమే తెలిసిపోయింది, అప్పుడూ చెప్పలేదు. తప్పు ముమ్మాటికీ నాది."

మధులత ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపమన్నా ఉంటే ఆయన బతికిపోయేవారు.

"మీదైతే మాత్రం మార్కులు నాకు వేస్తారాండీ?" అంది. దెప్పడానికి అన్నది కాదు. రూలు ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు అడిగింది.

"వెయ్యరమ్మా."

"మరి వదిలెయ్యండి మాస్టారూ. ఎవరిదైనా ఒకటే."

చుట్టిన కాగితం విప్పి చాప మీద పరిచింది. మేడగది ప్లాను. రెండు కిటికీలు, నల్లబల్లకి తూర్పు గోడ, మెట్ల మలుపు దగ్గర లలితాంబ గారికి మోకాళ్ల నొప్పి కదా అని పొట్టి మెట్లు. ఎంత పొందిగ్గా గీసిందో! కింద కుడి మూల ఇంజనీరు అని ఉన్న గడిలో పల్లంరాజు సంతకం, ఆయన లైసెన్సు నెంబరు ఉన్న స్టాంపు పడి ఉన్నాయి.

"నీ సంతకం లేకుండా వద్దన్నాను కదమ్మా" అన్నారాయన.

"ఇంక అది ఉండదు కదండీ. ఎండలు ముదిరేలోపల స్లాబ్ పోయించుకోండి." పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చింది. ఎడమ మూల గడి మీద వేలు పెట్టింది. "ఓనరు సంతకం ఇక్కడండీ."

వాకిట్లో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. కొత్త బ్యాచ్ పిల్లలు. మొదటగా లోపలికి వచ్చిన సాయిప్రసన్న అనే అమ్మాయి బల్ల పైఅంచుకేసి చూసి, పక్కనున్న స్నేహితురాలితో, "అవేనే ఆ నాలుగూ. అవి చాలంట, రాసేసుకో" అంటోంది.

భాస్కరం గారు చూపించిన చోట సంతకం పెట్టారు.